అయ్యా, సెయ్యి!

హుకుంపేట నుంచి నిమ్మలపుట్టు దాకా ఘాటు రోడ్డులో ఇరవై రెండు మలుపులున్నాయి. తొమ్మిది మంది పట్టే జీపులో పదిహేడు మందినీ, నాలుగు కోళ్ళనీ, ఒక చింతపండు బస్తానీ కుక్కి, వెనక ఇద్దరిని వేలాడదీసి, ఫోన్లో మాట్లాడుతూ ఆ మలుపులన్నీ తిప్పేయగల మొనగాడు రవిబాబు. పోలీసు జీపు ఎదురొచ్చినా అతని గుండె ఒక్క దెబ్బ ఎక్కువ కొట్టుకునేది కాదు. అంతటి మొనగాడూ రోజూ సాయంత్రం ఆరున్నరకి, ఎనిమిదేళ్ళ గుంట ముందు చిత్తుగా ఓడిపోయేవాడు.

ఆ గుంట అతని కూతురే. పేరు భాను, చదివేది మూడో తరగతి. సొంతూరు నిమ్మలపుట్టులో ఉన్న బడికి ఒక గది, ఒక వరండా, ఒక టీచరు. ఆ టీచరు రోజూ హోంవర్క్ ఇస్తుంది. ఆ హోంవర్క్ చేయించే బాధ్యత రవిబాబుది, ఎందుకంటే ఇంట్లో పదో తరగతి దాకా వెళ్ళినవాడు అతనొక్కడే. దాకా వెళ్ళాడు గాని దాటలేదు. లెక్కల్లో పదకొండు మార్కులొచ్చాయి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, కానీ భార్య సోని తప్ప ఎవరూ పైకి అనరు. సోని రోజూ అంటుంది.

కార్యక్రమం ఎప్పుడూ ఒకేలా నడిచేది. మొదటి ఐదు నిమిషాలు రవిబాబు గొంతులో తేనె కారేది. "రా తల్లీ, సూడు తల్లీ" అనేవాడు. పదో నిమిషానికి తల్లి కాస్తా గుంట అయ్యేది. పదిహేనో నిమిషానికి "బుర్రున్నాదా, గుమ్మడికాయున్నాదా" దగ్గరికి వచ్చేది. అప్పటికి భాను కింది పెదవి వణకడం మొదలయ్యేది. ఇరవయ్యో నిమిషంలో నోటుపుస్తకం మీద కన్నీటి చుక్కలు టపటపా పడేవి. అప్పుడు రవిబాబుకి కూతురి మీద జాలీ, తన మీద కోపమూ ఒక్కసారే వచ్చి, పెన్సిలు లాక్కుని మొత్తం తనే రాసేసేవాడు. అది కూడా మామూలుగా కాదు. తన రాత కూతురి రాతలా ఉండాలని అంకెల్ని వంకరగా, ఒకటి లావుగా ఒకటి సన్నంగా, గీత దాటించి మరీ రాసేవాడు. ఆ పనితనం చూస్తే దొంగ సంతకాలు పెట్టేవాడు కూడా కాళ్ళకి దండం పెడతాడు.

ఆ మంగళవారం వచ్చిన లెక్క ఇది: రాజు దగ్గర 52 మామిడికాయలు ఉన్నాయి. అందులో 17 తినేశాడు. ఇంకా ఎన్ని మిగిలాయి?

భాను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా 52 అని రాసింది.

"ఏటే, యాబైరెండా? పదిహేడు తినీసినాడని రాసుంటే!"

"తినడు అయ్యా. ఇంకా కొత్త అవలేదు కదా."

మామిడి కొత్త పండగ చేసి, మొదటి కాయలు దేవతకి పెట్టిన తర్వాతే ఆ కొండల్లో ఎవరైనా కొత్త మామిడికాయ కొరికేది. అప్పటికి పండగ ఇంకా మూడు వారాలుంది. పిల్ల చెప్పినదాంట్లో తప్పేమీ లేదు.

"ఆ రాజు మనోడు కాదే. కిందోడు. మైదానం వోడు. ఆలికి కొత్తా లేదు, పాతా లేదు. సెట్టు మీద కనిపిస్తే తినీడవే."

వరండా ఆ చివర వెదురు పుల్లలు చీలుస్తూ కూర్చున్న రవిబాబు తల్లి సోములమ్మ ఊరుకోలేకపోయింది. ఆవిడ అడ్డాకులు కుట్టి విస్తళ్ళు చేసి సంతకి పంపుతుంది. ఆకులు గుచ్చే సన్నటి వెదురు పుల్లలు ఎప్పుడూ ఆవిడ ఒళ్ళో ఉంటాయి.

"ఎవులి కొడుకురా ఆ రాజుగోడు? పండగ్గాకుండా పదిహేడు తిన్నాడా? కడుపు కాదూ, సెరువు. ఆడికి వాంతులైపోవాల. లెక్కెందుకు, మందెయ్యండి ముందు."

"అమ్మా, నువ్వాగు. ఇది సదువు."

"సదువైతే కొత్త అక్కర్లేదేటి?"

మాటా మాటా పెరిగింది. చివరికి రాజు మైదానం వాడే అని ఒప్పుకుని భాను తీసివేత మొదలుపెట్టింది. ఏడులోంచి రెండు తీస్తే అయిదు, అయిదులోంచి ఒకటి తీస్తే నాలుగు, నలభై అయిదు అని రాసింది. పైనున్న రెండులోంచి కింద ఏడు పోదు కాబట్టి, పోయేటట్టుగా తిరగేసి తీసేసింది. ఏం చేసైనా తీయాలనే ఉద్దేశం దానికి ఉంది, దారి మాత్రం తెలియదు. రవిబాబు "పక్కింటికెళ్ళి ఒకటి అప్పు తెచ్చుకోవాల" అన్నాడు. "ఏ పక్కింటికి?" అంది భాను. "ఆ అయిదు ఇంటికే." "ఆలు ఇత్తారా?" "ఇత్తారు." "మళ్ళీ ఎప్పుడిచ్చీయాల?" పదో తరగతిలో పదకొండు మార్కులు ఊరికే రాలేదు. గొంతు లేచింది, పెదవి వణికింది, చుక్కలు పడ్డాయి. రవిబాబు పెన్సిలు లాక్కుని, ఫోన్లో క్యాలిక్యులేటర్ నొక్కి, 35 అని వంకరగా రాశాడు.

బుధవారం టీచరు ఆ పుస్తకం చూసి మురిసిపోయింది. పదికి పది వేసింది. తరగతిలో ఎవరికీ రాని లెక్క భానుకి వచ్చిందని, "రామ్మా, వీళ్ళందరికీ బోర్డు మీద చేసి చూపించు" అని సుద్దముక్క చేతికిచ్చింది.

భాను సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు నిలబడింది. చాలాసేపు అలాగే నిలబడింది. వెనక బెంచీ నుంచి ఎవడో "దాని అయ్యని పిలండి టీచర్, ఆయన సేత్తాడు" అన్నాడు. అందరూ నవ్వారు. టీచరు గద్దించి కూర్చోబెట్టేలోగా జరగాల్సింది జరిగిపోయింది.

గురువారం పొద్దున్న భానుకి కడుపునొప్పి వచ్చింది. శుక్రవారమూ వచ్చింది. శనివారమూ వచ్చింది. సోని ఊళ్ళో ఆశా వర్కరు. పదిహేను ఇళ్ళల్లో జ్వరాలు చూసే మనిషికి సొంతింట్లో కడుపునొప్పి చూడడం కష్టం కాదు. ఎనిమిదిన్నరకి మొదలై, బడి గంట కొట్టాక తొమ్మిదింబావుకి మాయమయ్యే నొప్పి ఆవిడ రిజిస్టరులో ఏ రోగం కిందా రాదు.

"దానికి కడుపులో ఏటీ లేదు బావా," అంది శనివారం, అన్నం పెడుతూ. "నువ్వే ఉన్నావు."

"నానేటి సేసినాను? సాయం సేసినాను."

"సాయవా? పిల్లకి నడక నేర్పమంటే నువ్వు ఎత్తుకుని తిరిగినావు. నలుగురి మధ్యా దింపేస్తే ఏటైద్ది? కూలబడిద్ది. ఇప్పుడేటంటందో తెలుసా? బడికెల్లనంట. అవ్వతో పుల్లలు సీల్చుకుంటాదంట."

రవిబాబు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. తనూ ఒకప్పుడు ఇలాగే బడి మానేశాడు. సప్లిమెంటరీ రాయమని ఇంట్లో ఎంత చెప్పినా వినలేదు. బోర్డు ముందు నిలబెట్టి నలుగురి చేతా నవ్వించిన లెక్కల మాస్టారి ముఖం ఇప్పటికీ అతనికి గుర్తే. జీపు దొరికింది కాబట్టి బతికిపోయాడు. ఎనిమిదేళ్ళకే భానుకి ఆ దారి చూపించింది తనేనా అన్న భయం మొదటిసారి వచ్చింది.

ఆ సాయంత్రం బడి వదిలాక భారతి టీచరు జీపెక్కింది. ఆవిడది విజయనగరం వైపు. హుకుంపేటలో అద్దెకుంటూ రోజూ జీపులోనే వచ్చిపోతుంది. మామూలుగా అయితే రవిబాబు ఆవిడకి ముందు సీటు ఇచ్చేవాడు. ఆ రోజు ముందు సీట్లో అతని మావ గాసి కూర్చున్నాడు. గాసి సోములమ్మకి తమ్ముడు, సోనికి తండ్రి, రవిబాబుకి డ్రైవింగ్ నేర్పిన గురువు. కళ్ళు మసకలొచ్చి జీపు మానేసినా, అల్లుడి జీపులో ఊరికే ఎక్కి గేర్లు తప్పుగా వేస్తున్నాడని చెప్పడం మాత్రం మానలేదు. టీచరు మధ్య సీట్లో, హుకుంపేటలో కిరాణా కొట్టున్న సుబ్బారావు పక్కన ఇరుక్కుంది. వెనక ఇంకో పదమూడు మంది.

మూడో మలుపు దగ్గర టీచరు మెల్లగా అంది. "రవిబాబు గారూ, మొన్న మీకు పదికి పది వచ్చాయి."

ఆ జీపులో మెల్లగా అనడం అంటూ ఉండదు. పదిహేను మంది విన్నారు, పదిహేను మందీ నవ్వారు. రవిబాబు చెవులు ఎర్రబడ్డాయి.

"తప్పైపోనాది మేడమ్. ఏడుత్తాంటే సూడలేక..."

"నా తప్పూ ఉంది. వచ్చేసిందనుకుని బోర్డు మీదికి పిలిచాను. మీరు తప్పుల్ని చెరిపేసి పంపితే నాకెలా తెలుస్తుందండీ, దానికి ఎక్కడ రావట్లేదో? నాకు కావలసింది రైటు ఆన్సరు కాదు. అది నాకూ వచ్చు. మీ అమ్మాయి ఎక్కడ ఆగిపోయిందో అదే కావాలి."

సుబ్బారావు గొంతు సవరించుకున్నాడు. అడగకపోయినా సలహా ఇవ్వడం ఆయన వృత్తిలో భాగం. "రెండు తగిలిస్తే అవే వస్తాయి మేడమ్ లెక్కలు. మా రాజేష్‌కి నేను అలాగే నేర్పాను."

"మీ రాజేష్ ఇప్పుడేం చేస్తున్నాడండీ?"

సుబ్బారావు కిటికీలోంచి కాఫీ తోటలు చూడడం మొదలుపెట్టాడు. రాజేష్ కొట్లోనే ఉంటాడు, చిల్లర లెక్క తప్పుతాడని సంతకొచ్చే వాళ్ళందరికీ తెలుసు. వెనక సీటులో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇరవై నిమిషాలు చాలండి," అంది టీచరు రవిబాబుతో. "అది దాటితే పుస్తకం మూసేయండి. కాకపోతే కాలేదని ఒక ముక్క రాసి పంపండి, నేను చూసుకుంటాను. లెక్క ఏమడుగుతోందో ముందు అమ్మాయినే చెప్పమనండి. పుల్లలో గింజలో ముందు పెట్టుకోనివ్వండి. మీరు అడగండి, చెప్పొద్దు. పెన్సిలు మాత్రం ముట్టుకోవద్దు."

"అక్కడే మేడమ్ సిక్కు. నా సెయ్యి నా మాట ఇనదు."

గాసి ముందు సీట్లోంచి పెద్దగా నవ్వాడు. "ఒరే అల్లుడా, నీకు బండి ఎలాగ నేర్పినానురా నాను?"

రవిబాబుకి ఆ రోజు కళ్ళ ముందుకొచ్చింది. పద్దెనిమిదేళ్ళప్పుడు, ఇదే రోడ్డు, ఇంతకంటే పాత జీపు. గాసి పక్క సీట్లో కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద బరువంతా వేసి కూర్చున్నాడు. దారంతా "ముందేటొత్తంది?" అని అడగడం తప్ప ఇంకేమీ చెప్పలేదు. ఏడో మలుపు దగ్గర జీపు కాలవలోకి దిగింది. అప్పుడూ చేతులు బయటికి తీయలేదు. కాలవలో ఒక పక్కకి ఒరిగి కూర్చునే "ఇప్పుడేటి సేత్తావు?" అని అడిగాడు.

"ఆ రోజు భయం లేదేటి మావా నీకు?"

"లేకేటి? రెండు సార్లు దేవతకి మొక్కుకున్నాను. కోడిని కూడా ఇచ్చినాను, నీకు సెప్పలేదు. కానీ నాను స్టీరింగు పట్టుకుంటే నువ్వు నా సెయ్యే సూత్తావు గాని, రోడ్డు సూడవు. అంతేరా."

టీచరు ముసలాయన్ని చూసి తల ఊపింది. హుకుంపేటలో దిగుతూ, లెక్కల పుస్తకంలో అరవై ఒకటో పేజీ, రెండు లెక్కలు అని చెప్పింది. "సోమవారం తనంతట తను చెయ్యెత్తితే తప్ప నేను బోర్డు మీదికి పిలవను. ఆ మాట దానికి చెప్పండి," అంది.

ఆదివారం సాయంత్రం వరండాలో చాప వేశారు. భాను పుస్తకం తెచ్చి, పెన్సిలు నేరుగా తండ్రి ఒళ్ళో పెట్టింది. పిల్లకి పద్ధతి బాగా అలవాటైంది. ఏడుపూ, అరుపులూ వదిలేసి సూటిగా చివరికే వచ్చేసింది.

రవిబాబు పెన్సిలు తీసి దాని చేతిలో పెట్టి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

"ఏటి అయ్యా అలాగ కూకున్నావు?"

"సేతులు పనిసెయ్యట్లేదు. నువ్వే సెయ్యాల. సదువు ముందు, ఏటడగతందో నాకు సెప్పు."

భాను అనుమానంగా చూసి చదివింది. సంతకి 43 పనసకాయలు తెచ్చారు, 18 అమ్ముడయ్యాయి, ఎన్ని మిగిలాయి? "పనసకాయలు తెచ్చినారు. కొన్ని ఎలిపోయినాయి. మిగిలినాయి ఎన్నో సెప్పమంటంది."

"అయితే ఎక్కువైతాయా, తక్కువైతాయా?"

"తక్కువే. ఎలిపోయినాయి కదా." తండ్రికి ఆమాత్రం తెలియదా అన్నట్టు చూసింది.

ఆ తర్వాత పాత దారిలోనే వెళ్ళింది. ఎనిమిదిలోంచి మూడు తీస్తే అయిదు, నాలుగులోంచి ఒకటి తీస్తే మూడు. 35 అని రాసింది. రవిబాబు కుడిచెయ్యి తొడ కింద ఎగిరిపడింది. దాన్ని అదిమిపెట్టి కూర్చున్నాడు. అదే అదునుగా ఒక దోమ అతని ముక్కు మీద వాలింది. కొట్టడానికి చెయ్యి లేదు. ఊదాడు. అది ఎగిరి మళ్ళీ అక్కడే వాలింది.

"అవునో కాదో ఎలాగ తెలుస్తాది?" అన్నాడు, ఊదుతూనే.

భాను ఆలోచించింది. అవ్వ దగ్గరికెళ్ళి, కట్టి పెట్టిన పుల్లల కట్టలు నాలుగు, విడి పుల్లలు మూడు తెచ్చింది. బడిలో టీచరు పదేసి పుల్లల కట్టలతో లెక్కలు చెప్పేది, అది గుర్తొచ్చింది.

"నా కట్టలు ఇప్పకే గుంటా, నార దొరకదు," అంది సోములమ్మ.

"ఇప్పను అవ్వా."

కానీ విప్పక తప్పలేదు. పద్దెనిమిది తీయాలంటే ఒక కట్టా, ఎనిమిది విడివీ కావాలి. విడివి మూడే ఉన్నాయి. భాను మూడు పుల్లలకేసీ, కట్టలకేసీ చాలాసేపు చూసింది. రవిబాబు నోట్లో "ఇప్పు, ఒకటిప్పు" అన్న మాట నాలుక చివరికొచ్చింది. మింగేశాడు. దోమ ఈసారి చెవిలోకి వెళ్ళింది. దాన్నీ భరించాడు.

"అయ్యా, ఒక కట్ట ఇప్పీసి ఈటిల్లో కలిపీయొచ్చా?"

"నువ్వేటనుకుంటన్నావు?"

"కలిపీయొచ్చనుకుంటన్నాను."

"అయితే కలుపు."

సోములమ్మ శాపనార్థాలు పెడుతుండగా భాను కట్ట విప్పింది. విడివాటిలో కలిపింది. ఎనిమిది తీసి పక్కన పెట్టింది. మిగిలిన మూడు కట్టల్లోంచి ఒకటి తీసి పక్కన పెట్టింది. మిగిలింది చూసుకుంది. రెండు కట్టలు. విడివి లెక్కపెట్టింది. పదిహేను. 35ని అడ్డంగా కొట్టేసి, పక్కన గర్వంగా రాసింది: 215.

రవిబాబుకి ఒళ్ళంతా చెమట పట్టింది. ఇరవై రెండు మలుపుల్లో ఏ లారీ ఎదురొచ్చినప్పుడూ అలా పట్టలేదు. "బుర్రున్నాదా" అన్న మాట గొంతు దాకా వచ్చేసింది. గుమ్మంలో నిలబడిన సోని అతనికేసి ఒక చూపు చూసింది. ఆ మాట వెనక్కి వెళ్ళిపోయింది.

"మొదట పనసకాయలు ఎన్ని?" అన్నాడు, గొంతు వీలైనంత చదును చేసుకుని.

"నలభై మూడు."

"అమ్మేసినాక?"

"రెండొందల పదిహేను." అని, ఆగి, పుస్తకంలోకి చూసి, భాను ఒక్కసారి పకపకా నవ్వింది. "అమ్మితే పెరిగిపోనాయి అయ్యా!"

ఆ పుస్తకం ముందు ఆ పిల్ల నవ్వడం రవిబాబు అంతవరకూ ఎరగడు. తనూ నవ్వాడు. గుమ్మంలో సోనీ నవ్వింది. తన కట్టలు విప్పేశారన్న కోపంలో సోములమ్మ ఒక్కతే నవ్వలేదు.

"మరైతే ఎక్కడ తేడా ఒచ్చినాదో?" అన్నాడు.

భాను పుల్లలన్నీ మళ్ళీ దగ్గరికి తీసింది. ఒక కట్ట పట్టుకుని చూసింది. బడిలో టీచరు కట్ట కంటే లావుగా ఉంది. విప్పి ఒక్కొక్కటే లెక్కపెట్టింది. పది దాటింది. పదిహేను దాటింది. ఇరవై దగ్గర ఆగింది.

"అవ్వా! నీ కట్టలో ఇరవై ఉన్నాయే!"

"మరెన్నుంటాయే? సేతులకి పది, కాళ్ళకి పది. మీ టీచరమ్మకి కాళ్ళు లేవేటి?"

ఆ కొండల్లో సోములమ్మ వయసు వాళ్ళందరూ ఇరవైలతోనే లెక్కపెడతారు. రవిబాబు ముప్పై ఏళ్ళుగా ఆ కట్టలు చూస్తూనే ఉన్నాడు. అవి ఇరవయ్యేసి పుల్లల కట్టలన్న సంగతి అతనికి ఆ క్షణం దాకా తట్టలేదు. పెన్సిలు అతని చేతిలో ఉండుంటే 25 అని రాసేసి, పుల్లల సంగతి ఎప్పటికీ తెలియకుండానే పోయేవాడు. తన చేతి బరువెంతో అతనికి అప్పుడు తెలిసొచ్చింది.

భాను అప్పటికే అన్ని కట్టలూ విప్పేసి కూర్చుంది. అవ్వ తిడుతూనే నార చీల్చి ఇస్తోంది. పది లెక్కపెట్టడం, నార చుట్టడం, ముడి వేయడం. నాలుగు కట్టలు తయారయ్యాయి, పక్కన మూడు విడి పుల్లలు. మళ్ళీ మొదలుపెట్టింది. ఒక కట్ట విప్పి మూడింటిలో కలిపింది. పదమూడు అయ్యాయి. ఎనిమిది తీసింది, అయిదు. మూడు కట్టల్లోంచి ఒకటి తీసింది, రెండు. పుస్తకంలోకి వంగి, 43లో నాలుగు మీద చిన్న గీత కొట్టి మూడు వేసింది. చివరి మూడు పక్కన చిన్న ఒకటి వేసింది. వేసి, పెన్సిలు అలాగే పట్టుకుని ఉండిపోయింది.

"అయ్యా, టీచర్ పైన చిన్న ఒకటి వేస్తాది కదా. అది ఇదే! ఇప్పీసిన కట్ట! అప్పు కాదు. ఎవుల్నీ అడగక్కర్లేదు. మనదే ఇప్పుకుంటాం!"

రవిబాబుకి కళ్ళు చెమ్మగిల్లాయి. పదో తరగతి దాకా ఆ చిన్న ఒకటి ఏమిటో తెలియకుండానే వేసిన మనిషి అతను.

25 అని రాసింది భాను. పైన అడ్డంగా కొట్టేసిన 35, దాని పక్కన 215 అసహ్యంగా కనిపిస్తున్నాయి. అంత బాగా చేసిన లెక్కలో ఆ మరకలేమిటని రవిబాబు చెయ్యి దానంతటదే తొడ కిందనుంచి జారి రబ్బరు మీదికి వెళ్ళింది.

"అయ్యా, సెయ్యి!"

చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది. "అవి టీచర్ సూడాల," అంది భాను. శనివారం జీపులో టీచరు చెప్పినదంతా అతనే పిల్లకి చెప్పాడు, ఇప్పుడది తిరిగి తగిలింది.

అప్పటికి ముప్పావుగంట అయింది. సగం పుల్లలకే పోయింది. రెండో లెక్క మిగిలింది. ఊపులో ఉన్న రవిబాబు "అది కూడా సేసీద్దాం, బేగి" అన్నాడు. భాను ఆవులించింది. సోని వచ్చి పుస్తకం మూసేసింది. రవిబాబు ఒక చీటీ రాశాడు, తన రాతలోనే, ఏ వంకరా లేకుండా: "ఒకటి తనే చేసింది. రెండోది కాలేదు. 215 ఎందుకొచ్చిందో తననే అడగండి."

సోమవారం పొద్దున్న ఎనిమిదిన్నర అయింది. కడుపునొప్పి రాలేదు. భాను పదేసి పుల్లల కట్టలు మూడు సంచిలో వేసుకుని బడికి వెళ్ళిపోయింది.

పదిన్నరకి రవిబాబు జీపు బడి పక్కనుంచి వెళ్ళాలి. సరిగ్గా బడి ఎదుట టైరులో గాలి తగ్గిందని అనుమానం వచ్చి ఆపేశాడు. టైరు నిక్షేపంగా ఉంది. గాసికి ఆ సంగతి తెలుసు. వెనక సీటులో సుబ్బారావు ఆలస్యమైపోతోందని గొణుక్కుంటున్నాడు. రవిబాబు దొంగలా నడిచి బడి కిటికీ పక్కకి చేరాడు.

బోర్డు మీద ఆ పాత మామిడికాయల లెక్కే ఉంది. 52, కింద 17. "ఎవరు చేస్తారు?" అని టీచరు అడుగుతోంది. రెండో వరసలో ఒక చెయ్యి సగం లేచింది, ఆగింది, మళ్ళీ లేచింది. భానుదే.

అది బోర్డు ముందుకి నడిచింది. సుద్దముక్క తీసుకుంది. నిలబడింది. రెండుకేసి చూసింది, ఏడుకేసి చూసింది. క్షణాలు గడుస్తున్నాయి. బుధవారం లాగే నిలబడిపోతుందేమో అనుకున్నాడు రవిబాబు. తెలియకుండానే కిటికీ ఊచల్లోంచి చెయ్యి లోపలికి పెట్టాడు. మూడు వేళ్ళు చూపించి, ఆ తర్వాత అయిదు వేళ్ళు చూపించి, "ముప్పై అయిదే, ముప్పై అయిదు!" అని గుసగుసలాడాడు. జీపు డ్రైవరు గుసగుస పెళ్ళి మైకంత ఉంటుంది.

తరగతి మొత్తం కిటికీ వైపు తిరిగింది. పది మంది పిల్లలు నోళ్ళు తెరిచారు. టీచరు నడుం మీద చెయ్యి వేసుకుంది.

భాను సుద్దముక్క బల్ల మీద పెట్టింది. తిన్నగా కిటికీ దగ్గరికొచ్చింది. మొహం గంభీరంగా ఉంది.

"అయ్యా, సెయ్యి."

రవిబాబు చెయ్యి తీశాడు. భాను కిటికీ రెక్కలు రెండూ లాగి, అతని మొహం మీదే మూసేసి, లోపలినుంచి గడియ పెట్టేసింది.

అతను అక్కడే ఎండలో నిలబడిపోయాడు. ఏమీ కనిపించడం లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక రెండు చంకల్లో పెట్టుకున్నాడు. తర్వాత సుద్దముక్క బోర్డు మీద టకటకా కొట్టుకోవడం వినిపించింది. ఆగింది. మళ్ళీ మొదలైంది. చాలాసేపు రాసింది. ఒక లెక్కకి అంత రాత ఎందుకో అతనికి అర్థం కాలేదు.

"ముప్పై అయిదు. శభాష్!" అన్న టీచరు గొంతు వినబడింది. "కింద ఇదేంటమ్మా రాశావు?"

"కొత్త అయ్యాక తిన్నాడని టీచర్."

లోపల నవ్వులు. ఈసారి ఆ నవ్వుల్లో భాను నవ్వు అన్నిటికంటే పెద్దగా వినిపించింది.

రవిబాబు జీపు దగ్గరికొచ్చి ఎక్కి కూర్చున్నాడు. కళ్ళ నుంచి ధారలు కారుతున్నాయి. వెనక పదిహేను మంది చూస్తున్నా తుడుచుకోవడానికి సిగ్గుపడలేదు, అసలు తుడుచుకోవడమే మరిచిపోయాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏటైంది? గుంటకి రాలేదేటి?" అన్నాడు సుబ్బారావు, ఆశగా.

"ఒచ్చినాది."

"మరి ఏడుపెందుకు?"

గాసి పక్క సీట్లోంచి చెయ్యి చాచి అల్లుడి భుజం మీద తట్టాడు.

"ఒరే అల్లుడా, గుంటకి అక్కర్లేదు గాని, బండికి కావాల. ఇంక సేతులు తియ్యి."